దీపాల యంత్రానికి పగటి పని

1882 సెప్టెంబర్ 4, సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ పవర్ హౌస్‌లో స్విచ్ వేశారు. అక్కడికి కొద్ది దూరంలో, వాల్ స్ట్రీట్‌లోని జె.పి.మోర్గాన్ ఆఫీసులో థామస్ ఎడిసన్ నిలబడి ఉన్నాడు. గదిలో దీపాలు వెలిగాయి. అయితే బయట ఎండ కాస్తోంది. ఆ పట్టపగటి వెలుతురులో వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. సాయంత్రం చీకటి పడ్డాక, న్యూయార్క్ టైమ్స్ ఆఫీసులో విలేఖరులు ఆ వెలుగులో వార్తలు రాసుకుంటున్నప్పుడు గానీ దాని విలువ తెలియలేదు. పొగ లేదు, వాసన లేదు, గ్యాసు మంటలా రెపరెపలాడటం లేదు.

మొదటి రోజు వెలిగినవి దాదాపు 400 దీపాలు. నలభై ఏళ్లు తిరిగేసరికి అమెరికా నగరాల్లో కరెంటు లేని వీధి అరుదైపోయింది. ఫ్యాక్టరీలు, ట్రామ్‌లు, ఇస్త్రీపెట్టెలు, లిఫ్టులు అన్నీ దాని మీదే నడిచాయి. ఈ కథను చాలామంది బల్బు కథగా చెప్పుకుంటారు. కానీ కరెంటును నాలుగు వీధుల నుంచి నగరమంతటికీ తీసుకెళ్లింది బల్బు ఒక్కటే కాదు. చీకటి పడ్డాక మాత్రమే పని దొరికే ఆ ఖరీదైన యంత్రానికి పగలంతా ఏం పని చెప్పాలి అన్న ప్రశ్నకు దొరికిన జవాబు కూడా. ఆ జవాబు దొరికింది షికాగోలో.

అర మైలు దాటని వెలుగు

ఎడిసన్ కంటే ముందే వీధుల్లో విద్యుత్ దీపాలు ఉన్నాయి. 1878లో పారిస్‌లోని ఒపేరా వీధిలో ఆర్క్ దీపాలు వెలిగాయి. రెండు బొగ్గు కడ్డీల మధ్య నిప్పురవ్వలా మండే ఆ దీపం కళ్లు చెదిరేంత ప్రకాశంతో ఉండేది. వీధికీ, రైల్వే స్టేషనుకూ పనికొస్తుంది గానీ పడకగదికి పనికిరాదు. ఇంట్లోకి రావాలంటే చిన్న దీపం కావాలి, ఒకటి ఆర్పితే మిగతావి వెలుగుతూనే ఉండాలి.

1879లో ఎడిసన్ బృందం చేసిన దీపం గొప్పదనం వెలగడంలో మాత్రమే లేదు, తక్కువ కరెంటుతో వెలగడంలో ఉంది. అప్పట్లో అన్నిటికంటే పెద్ద ఖర్చు రాగి తీగ. తీగలో ప్రవహించే కరెంటు రెట్టింపైతే వేడిగా వృథా అయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ వృథాను తగ్గించాలంటే తీగ లావుగా వేయాలి, అంటే రాగి ఇంకా కొనాలి. ఎడిసన్ సన్నటి కార్బన్ తీగతో, నిరోధం ఎక్కువ ఉండే దీపం తయారు చేయించాడు. దాంతో 110 వోల్టుల దగ్గర ఒక్కో దీపానికి ఒక ఆంపియర్ కంటే తక్కువ సరిపోయింది. రాగి లెక్క కాస్త అదుపులోకి వచ్చింది.

పెర్ల్ స్ట్రీట్‌లో ఆవిరి యంత్రాలతో తిరిగే పెద్ద డైనమోలు పెట్టారు. ఒక్కొక్కటి 27 టన్నుల బరువు, సుమారు 100 కిలోవాట్ల సామర్థ్యం. తీగలను స్తంభాల మీద వేలాడదీయకుండా వీధులు తవ్వి ఇనుప గొట్టాల్లో పాతారు. మీటరు కూడా కొత్తగా కనిపెట్టాల్సి వచ్చింది. ఒక సీసాలో జింక్ ద్రావణం, అందులో రెండు జింక్ పలకలు. కరెంటు వాడేకొద్దీ ఒక పలక నుంచి జింక్ కరిగి రెండో పలక మీద చేరుతుంది. నెలకోసారి ఉద్యోగి వచ్చి పలకలు తీసుకెళ్లి తూకం వేసి బిల్లు రాసేవాడు. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక చిన్న దీపం వెలిగించేవారు.

ఇంత చేసినా ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. డైరెక్ట్ కరెంట్‌ను 110 వోల్టుల దగ్గర పంపితే దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. పవర్ హౌస్ దగ్గర దీపం తెల్లగా వెలిగితే, వీధి చివరి దీపం ఎర్రబడి గుడ్డిగా కనిపిస్తుంది. అర మైలు, మహా అయితే మైలు. ఆపైన రాగికి పెట్టే డబ్బు గిట్టదు. నగరమంతా వెలగాలంటే ప్రతి పేటలోనూ ఒక బాయిలరు, ఒక పొగగొట్టం, బొగ్గు బళ్లు ఉండాల్సిందే.

ఆ హద్దును ఆల్టర్నేటింగ్ కరెంట్ చెరిపేసింది. ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజిని వందల నుంచి వేలకు పెంచి దూరం పంపవచ్చు, ఇంటి దగ్గర మళ్లీ తగ్గించవచ్చు. వోల్టేజి పెరిగితే అదే శక్తికి కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే సన్న తీగ చాలు. 1886లో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్ ఊళ్లో విలియం స్టాన్లీ దీన్ని చేసి చూపించాడు. 1891లో జర్మనీలోని లాఫెన్ జలవిద్యుత్ కేంద్రం నుంచి 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌కు కరెంటు పంపారు. 1896లో నయాగరా కరెంటు బఫెలో నగరానికి చేరింది. దూరం ఇక అడ్డు కాదు. అడ్డు ధర. గ్యాసు దీపం ఇంకా చవక. కరెంటు ధనవంతుల ఇళ్లలో, హోటళ్లలో, నాటకశాలల్లో వెలిగే సరదా వస్తువుగానే ఉంది.

నిల్వ ఉండని సరుకు

ధర ఎందుకు ఎక్కువ? ఈ సరుకు స్వభావంలోనే కారణం ఉంది. బియ్యాన్ని కొట్టులో పెట్టి రేపు అమ్ముకోవచ్చు. కరెంటును అలా పెట్టలేం. బ్యాటరీలు ఆనాడూ ఉన్నాయి, కానీ నగరానికి సరిపడా నిల్వ చేసేవి కావు. జనం ఏ క్షణాన ఎంత వాడితే ఆ క్షణాన అంతే తయారు కావాలి. ఎక్కువైతే జనరేటర్లు వేగం పుంజుకుంటాయి, తక్కువైతే మందగిస్తాయి.

ఈ సంగతి మనకు కళ్లకు కట్టినట్టు కనిపించిన రాత్రి ఒకటుంది. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు, కరోనా లాక్‌డౌన్‌లో, దేశమంతా తొమ్మిది నిమిషాలు ఇళ్లలో దీపాలు ఆర్పింది. కొద్ది నిమిషాల్లో వాడకం 31 వేల మెగావాట్ల మేర పడిపోయింది. గ్రిడ్ ఇంజనీర్లు ముందుగానే సిద్ధపడి, తేలిగ్గా తగ్గించి పెంచగలిగే జలవిద్యుత్ యంత్రాలను ఆ సమయానికి పూర్తిగా నడుపుతూ ఉంచారు. దీపాలు ఆరుతుంటే నీళ్లు కట్టేశారు, వెలుగుతుంటే మళ్లీ వదిలారు. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. అది ఆ రాత్రి కాస్త అటూ ఇటూ కదిలి నిలబడింది. ఒక్క యూనిట్ కూడా గోదాములో లేకుండా నడిచే వ్యాపారం ఇది.

అంటే ఏమవుతుంది? ఏడాదిలో అందరూ ఎక్కువగా వాడే ఒక్క గంట కోసం యంత్రాలు కొనాలి. మిగతా గంటల్లో అవి ఊరికే నిలబడి ఉంటాయి. ముహూర్తాల రోజుల కోసం వెయ్యిమంది పట్టే కల్యాణ మండపం కట్టినవాడి పరిస్థితే ఇది. శూన్యమాసంలో ఖాళీగా ఉన్నా అప్పు మీద వడ్డీ ఆగదు, కాపలావాడి జీతం ఆగదు. ఆ ఖర్చంతా కొద్ది పెళ్లిళ్ల అద్దెలోంచే రావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం అర్థం కావడానికి అనుకుంటున్నవే. 100 కిలోవాట్ల యంత్రం ఒకటి ఉంది. అప్పు మీద వడ్డీ, అరుగుదల, జీతాలు కలిపి ఏడాదికి 7,30,000 రూపాయలు. యంత్రం తిరిగినా, తిరగకపోయినా ఈ ఖర్చు తప్పదు. బొగ్గు ఖర్చు యూనిట్‌కు 2 రూపాయలు. దీపాల కోసం మాత్రమే రోజుకు 4 గంటలు నడిస్తే ఏడాదికి 1,46,000 యూనిట్లు వస్తాయి. స్థిర ఖర్చు యూనిట్‌కు 5 రూపాయలు పడుతుంది. బొగ్గు కలిపితే 7 రూపాయలు. అదే యంత్రం రోజుకు 20 గంటలు నడిచిందనుకోండి. యూనిట్లు 7,30,000. స్థిర ఖర్చు యూనిట్‌కు ఒక్క రూపాయి, బొగ్గు కలిపి 3 రూపాయలు. యంత్రం మారలేదు, బొగ్గు ధర మారలేదు. పని గంటలు మారాయి, ధర సగం కంటే కిందికి దిగింది.

యంత్రం సామర్థ్యంలో సగటున ఎంత భాగం వాడకంలో ఉందో చెప్పే ఈ కొలతను విద్యుత్ రంగంలో లోడ్ ఫ్యాక్టర్ అంటారు. దాన్ని ఒక నగరం మొత్తానికి వ్యాపార సూత్రంగా మార్చినవాడు శామ్యూల్ ఇన్సల్.

షికాగోలో ఇన్సల్

ఇన్సల్ లండన్‌లో పుట్టాడు. ఇరవై రెండో ఏట సముద్రం దాటి ఎడిసన్‌కు సొంత కార్యదర్శిగా చేరాడు. ఉత్తరాలు రాయడం నుంచి అప్పులు తేవడం దాకా అన్నీ చూసుకున్నాడు. 1892లో షికాగో ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడిగా వెళ్లాడు. అప్పటికి ఆ నగర జనాభా పది లక్షలు దాటింది, కరెంటు అమ్మే కంపెనీలు ఇరవైకి పైగా ఉన్నాయి, అన్నీ చిన్నవే. పెద్ద హోటళ్లూ ఆఫీసు భవనాలూ తమ నేలమాళిగల్లో సొంత జనరేటర్లు పెట్టుకున్నాయి.

1894 చివర్లో ఇన్సల్ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు సముద్రతీర పట్టణం బ్రైటన్‌లో ఒక విశేషం చూశాడు. చిన్న చిన్న దుకాణాల్లో కూడా కరెంటు దీపాలు వెలుగుతున్నాయి. ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారని ఆరా తీస్తే, అక్కడి ఇంజనీరు ఆర్థర్ రైట్ చేసిన కొత్త మీటరు సంగతి తెలిసింది. మామూలు మీటరు నెలలో మొత్తం ఎంత వాడారో చెబుతుంది. రైట్ మీటరు, ఏ ఒక్క సమయంలోనైనా అత్యధికంగా ఎంత లాగారో కూడా గుర్తు పెట్టుకుంటుంది. నీవు లాగే అత్యధిక లోడ్ కోసమే కదా కంపెనీ యంత్రం కొన్నది. కాబట్టి ఆ యంత్రం ఖర్చుకు సరిపడా మొదటి కొన్ని గంటల వాడకానికి ఎక్కువ రేటు. ఆపైన ఎంతసేపు వాడితే అంత తక్కువ రేటు. గంటసేపు వంద దీపాలు వెలిగించేవాడి కంటే, పది దీపాలు పది గంటలు వెలిగించేవాడు కంపెనీకి మేలైన ఖాతాదారు. ఇద్దరూ వాడిన యూనిట్లు ఒకటే అయినా, మొదటివాడి కోసం పదింతల యంత్రం కావాలి.

మన ఇంటి కరెంటు బిల్లులో ఈ ఆలోచన ఇప్పటికీ ఉంది. కాంట్రాక్టెడ్ లోడ్ కిలోవాట్లలో రాసి ఉంటుంది. దాని మీద ఫిక్స్‌డ్ చార్జీలు ఒక వరుస, వాడిన యూనిట్లకు ఎనర్జీ చార్జీలు ఇంకో వరుస. ఊరెళ్లి నెలంతా తాళం వేసినా మొదటి వరుస రావడం చూసి చాలామంది చిరాకుపడతారు. మన వంతు యంత్రమూ, తీగా, ట్రాన్స్‌ఫార్మరూ మన కోసం సిద్ధంగా నిలబడి ఉన్నందుకు అది కట్టే ఖర్చు.

ఇన్సల్ ఈ మీటరును షికాగోకు తెచ్చాడు. రేట్లు తగ్గించుకుంటూ పోయాడు. అంతకంటే ముఖ్యంగా, ఒకరి పని గంటలు ఇంకొకరి ఖాళీ గంటల్లో పడేలా ఖాతాదారులను ఏరి తెచ్చాడు. ఆఫీసులకు సాయంత్రం దాకా దీపాలు కావాలి. ఇళ్లకు చీకటి పడ్డాక కావాలి. నాటకశాలలకు ఇంకా ఆలస్యంగా. ఫ్యాక్టరీలకు పగలు. ఐసు తయారీకి వేసవి, దీపాలకు శీతాకాలం. వీళ్లందరూ ఎవరి జనరేటరు వాళ్లు పెట్టుకుంటే, ప్రతి ఒక్కరూ తమ అత్యధిక అవసరానికి తగ్గ యంత్రం కొనాలి. ఒకే కంపెనీ దగ్గర కొంటే, అందరి అత్యధిక అవసరాలూ ఒకే నిమిషంలో రావు గనుక చాలా చిన్న యంత్రం సరిపోతుంది.

అందరికంటే పెద్ద ఖాతాదారులు ట్రామ్‌లు, వీధుల పైన వంతెనల మీద నడిచే ఎలివేటెడ్ రైళ్లు. వాటికి అప్పటిదాకా సొంత పవర్ హౌసులు ఉండేవి. మీరు తయారు చేసుకునేదానికంటే చవగ్గా నేనిస్తానని ఇన్సల్ వాళ్లను ఒప్పించాడు. ట్రామ్ పొద్దున్నుంచి రాత్రిదాకా తిరుగుతుంది. దాంతో పగలు ఖాళీగా ఉండే యంత్రాలకు పని దొరికింది. అయితే ఈ లెక్క ప్రతిచోటా కుదరలేదు. డిసెంబర్ సాయంత్రాల్లో తొందరగా చీకటి పడుతుంది. ఆఫీసులు వదిలే సమయం, ట్రామ్‌లు కిక్కిరిసే సమయం, ఇళ్లలో దీపాలు వెలిగే సమయం ఒకేసారి వచ్చిపడతాయి. కంపెనీకి అదే ఏడాదిలోకెల్లా గడ్డుకాలం. ఏ కొత్త యంత్రం కొన్నా ఆ గంట కోసమే కొనేవారు.

ఆవిరి టర్బైన్

గిరాకీ పెరిగింది, దాన్ని మోసే యంత్రం దొరకలేదు. పిస్టన్లతో ముందుకూ వెనక్కూ ఊగే ఆవిరి యంత్రాలు పెద్దవయ్యేకొద్దీ గది అదిరిపోయేది, నేల పునాదులే చాలేవి కావు. ఆవిరి నేరుగా రెక్కల చక్రాన్ని తిప్పే టర్బైన్ అప్పటికే ఉంది గానీ చిన్నది. ఇన్సల్ 5,000 కిలోవాట్ల టర్బైన్ అడిగాడు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వెనకాడింది. చివరికి తయారీ నష్టభయం ఆ కంపెనీది, బిగించే ఖర్చు ఇన్సల్‌ది అనే ఒప్పందం కుదిరింది.

1903లో షికాగోలోని ఫిస్క్ స్ట్రీట్ స్టేషన్‌లో అది తిరిగింది. మొదటిసారి నడిపేటప్పుడు పేలిపోవచ్చని, దూరంగా వెళ్లమని ఇంజనీరు ఫ్రెడరిక్ సార్జెంట్ చెప్పాడనీ, ఇది పేలితే నా వ్యాపారమూ పోయినట్టేనని ఇన్సల్ కదలలేదనీ చెబుతారు. యంత్రం పేలలేదు. కొద్ది ఏళ్లలోనే దానికంటే రెట్టింపు దాటిన టర్బైన్లు వచ్చాయి. 1909లో ఆ మొదటి టర్బైన్‌ను విప్పి, తయారుచేసిన ఊరు షెనెక్టడీకే స్మారకంగా పంపారు.

పెద్ద టర్బైన్ ఒక్కో యూనిట్‌కు తక్కువ బొగ్గు తింటుంది. తక్కువ ఖర్చు వల్ల ధర తగ్గుతుంది, ధర తగ్గితే ఖాతాదారులు పెరుగుతారు, వాళ్లు పెరిగితే ఇంకా పెద్ద టర్బైన్ పెట్టవచ్చు. పేటల్లోని పాత చిన్న పవర్ హౌసుల్లో బాయిలర్లు తీసేసి వాటిని సబ్‌స్టేషన్లుగా మార్చారు. 1910 తర్వాత ఇన్సల్ నగరం దాటి పక్కనే ఉన్న లేక్ కౌంటీ చిన్న ఊళ్లకు లైన్లు లాగాడు. చీకటి పడ్డాక మాత్రమే నడిచే చిన్న కేంద్రాలు మూతపడి, రోజంతా కరెంటు వచ్చింది.

ఈ పద్ధతికి చీకటి పక్క కూడా ఉంది. ఒక నగరానికి ఒకే కంపెనీ మేలు అన్న వాదన గుత్తాధిపత్యానికి దారి తీసింది. కంపెనీ మీద కంపెనీ పేర్చి, అప్పు మీద అప్పు చేసి ఇన్సల్ కట్టిన సామ్రాజ్యం ఆర్థిక మాంద్యంలో, 1932లో కూలిపోయింది. షేర్లు కొన్న మామూలు కుటుంబాలు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నాయి. కోర్టు ఇన్సల్‌ను నిర్దోషి అంది. 1935లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి కంపెనీల గొలుసును విడగొట్టే చట్టం తెచ్చింది. ధరలు నిర్ణయించే నియంత్రణ కమిషన్లు ఎందుకు కావాలో ఆ అనుభవమే చెప్పింది.

మంగళవారం ఇస్త్రీ

ఇంట్లోకి దీపం తర్వాత వచ్చిన మొదటి వస్తువుల్లో ఇస్త్రీపెట్టె ఒకటి. దాన్ని ముందుగా అమ్మినవాళ్లలో విద్యుత్ ఉద్యోగులు ఉన్నారు. కాలిఫోర్నియాలోని ఒంటారియో అనే చిన్న ఊళ్లో ఎర్ల్ రిచర్డ్‌సన్ అనే విద్యుత్ కంపెనీ ఉద్యోగి 1903 ప్రాంతంలో తేలికైన కరెంటు ఇస్త్రీపెట్టె తయారు చేశాడు. మీటర్లు చూడటానికి వెళ్లినప్పుడు ఇళ్లలో వాటిని ఇచ్చి వాడి చూడమన్నాడు. కానీ ఆ ఊరి పవర్ హౌస్ రాత్రిపూట మాత్రమే నడిచేది. అక్కడ సోమవారం బట్టలు ఉతకడం, మంగళవారం ఇస్త్రీ చేయడం ఆడవాళ్ల ఆనవాయితీ. అందుకని మంగళవారం పగలు కూడా యంత్రాలు నడపమని కంపెనీని ఒప్పించాడు. పెట్టె మొన దగ్గర వేడి చాలడం లేదని ఆడవాళ్లు చెబితే, మొనలోకి వేడి చేరేలా మార్చాడు. దాని నుంచే హాట్‌పాయింట్ అనే ప్రసిద్ధ బ్రాండ్ పుట్టింది.

షికాగో కంపెనీ కూడా ఇస్త్రీపెట్టెలను ఇళ్లకు పంపి కొన్నాళ్లు ఊరికే వాడుకోమంది. పగటిపూట నడిచే ప్రతి పెట్టే ఖాళీ యంత్రానికి పని.

అయితే ఆ ఇళ్లకు తీగలు వేసింది దీపాల కోసం. గోడకు ప్లగ్గులు లేవు. ఇస్త్రీ చేయాలంటే పైనున్న బల్బు తీసేసి ఆ హోల్డరులోంచి వైరు వేలాడదీయాలి. దీపం 50 వాట్లు లాగే చోట ఇస్త్రీపెట్టె 500 వాట్లు లాగుతుంది. సన్న తీగ వేడెక్కి ఫ్యూజు పోయేది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే లోడ్ తీగ శక్తిని మించిందని అర్థం. అక్కడ లావు ఫ్యూజు వైరు కడితే, ఈసారి కాలేది ఫ్యూజు కాదు, గోడలోని తీగ. మన పాత ఇళ్లలోనూ ఈ తప్పు జరిగింది, ఇంకా జరుగుతోంది. గోడ ప్లగ్గులూ, వేర్వేరు సర్క్యూట్లూ వచ్చాకే ఇంటికి నిజంగా విద్యుత్ వచ్చినట్టు.

మరి ఆడవాళ్ల పని తగ్గిందా? అమెరికాలో జోఆన్ వానెక్ అనే పరిశోధకురాలు పాత సర్వేలు పరిశీలించింది. ఉద్యోగం చేయని గృహిణి 1920లలో ఇంటిపనికి వారానికి 52 గంటలు వెచ్చిస్తే, 1960లలో 55 గంటలు వెచ్చించింది. చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ దీనికి కారణాలు వివరంగా రాసింది. ఒళ్లు విరిచే శ్రమ తగ్గింది నిజమే. కానీ ఉతికే యంత్రం వచ్చాక బయట చాకలికి వేసే బట్టలు ఇంట్లోనే ఉతకడం మొదలైంది. పనిమనుషులు ఫ్యాక్టరీలకు వెళ్లారు. వారానికోసారి మార్చే దుప్పటి రెండుసార్లు మారాలన్నారు. ఒకప్పుడు పలువురు పంచుకున్న పని ఒక్క మనిషి మీద పడింది. యంత్రం పనిని తేలిక చేసింది గానీ, ఆ పని ఎవరిది అన్న ప్రశ్నను ముట్టుకోలేదు.

బెల్టులు తెగిన ఫ్యాక్టరీ

ఫ్యాక్టరీలో మార్పు ఇంటికంటే నెమ్మదిగా, ఇంటికంటే లోతుగా వచ్చింది. ఆవిరి కాలపు ఫ్యాక్టరీలో ఒకే పెద్ద యంత్రం ఉండేది. దాని నుంచి పైకప్పు కింద పొడవాటి ఇనుప షాఫ్టు తిరిగేది. షాఫ్టు నుంచి ప్రతి మెషీన్‌కూ తోలు బెల్టు దిగేది. ఒక్క మెషీన్ నడవాలన్నా మొత్తం షాఫ్టు తిరగాలి. ఒక బెల్టు సరిచేయాలంటే అందరి పనీ ఆగాలి. పైనుంచి నూనె చుక్కలు కారేవి, బెల్టులు వెలుగును కప్పేసేవి, చేతులనూ బట్టలనూ లాగేసేవి. షాఫ్టు ఎక్కువ దూరం పోదు కాబట్టి ఫ్యాక్టరీని అంతస్తుల మీద అంతస్తులుగా కట్టేవారు.

మోటారు వచ్చినప్పుడు యజమానులు మొదట చేసిందల్లా ఆవిరి యంత్రం తీసేసి అక్కడ పెద్ద మోటారు పెట్టడం. షాఫ్టు అదే, బెల్టులు అవే. లాభం పెద్దగా కనిపించలేదు. 1900 నాటికి అమెరికా ఫ్యాక్టరీలను తిప్పే శక్తిలో విద్యుత్ మోటార్ల వాటా 5 శాతం కూడా లేదు. తర్వాత కొన్ని మెషీన్లకు ఒక మోటారు పెట్టారు. చివరికి ప్రతి మెషీన్‌కూ దాని సొంత మోటారు వచ్చింది. అప్పుడు షాఫ్టు అక్కర్లేదు. మెషీన్లను షాఫ్టు వరుసలో కాకుండా పని సాగే వరుసలో పెట్టవచ్చు. ఫ్యాక్టరీ ఒకే అంతస్తులో విశాలంగా పరచుకుంది. బెల్టులు పోయిన పైకప్పు కింద క్రేన్లు తిరిగాయి, పైన అద్దాల నుంచి వెలుతురు దిగింది. 1929 నాటికి మోటార్ల వాటా 80 శాతానికి దగ్గరైంది.

అంత కాలం ఎందుకు పట్టిందన్నది ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో విడమరచి చెప్పాడు. మోటారు కొనడం ఒక్కరోజు పని. భవనం, పని వరుస, మనుషుల అలవాట్లు కొత్త శక్తికి తగ్గట్టు మారడం ఒక తరం పని. పాత ఫ్యాక్టరీ ఇంకా నడుస్తుంటే దాన్ని ఎవరూ కూల్చుకోరు. చవక కరెంటు, కొత్త భవనాలు ఒకేచోట కలిసిన ఊళ్లలోనే ఉత్పత్తి పెరిగింది.

కార్మికుడికి వెలుగు, శుభ్రమైన గాలి దక్కాయి. దాంతోపాటు రాత్రి షిఫ్టూ వచ్చింది. సూర్యుడు దిగగానే ఆగిపోయే పని ఇక ఆగనక్కర్లేదు. రాత్రి పని చేసే ఫ్యాక్టరీ అంటే లోడ్ ఫ్యాక్టర్‌కు పండుగ, మనిషి నిద్రకు కోత.

ఎవరి గంటలు?

నగరాల్లో ఇంతగా పారిన విద్యుత్ పల్లెల దగ్గర ఆగిపోయింది. మైలు తీగకు ముప్పై ఇళ్లుంటే కంపెనీకి గిట్టుతుంది, మూడే ఉంటే గిట్టదు. 1930ల మొదట్లో అమెరికా రైతు ఇళ్లలో పదింటికి ఒకదానికే కరెంటు ఉండేది. 1935లో ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టి, సహకార సంఘాలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చాకే అక్కడ స్తంభాలు లేచాయి. మార్కెట్ లెక్క ఎక్కడ ఆగుతుందో, అక్కడి నుంచి ప్రజల సొమ్ముతో నడపాల్సి వచ్చింది.

తెలుగు రైతుకు ఈ లెక్క ఇంకో రూపంలో తెలుసు. బోరు మోటార్లకు ఏళ్ల తరబడి రాత్రిపూట కరెంటు ఇచ్చేవారు. ఊరు నిద్రపోయాక జనరేటర్లు ఖాళీగా ఉంటాయి గనుక, ఆ గంటల్లో పంపులు నడిస్తే యంత్రానికి పని, సాయంత్రపు గిరాకీకి ఊరట. ఇంజనీరు కాగితం మీద అది చక్కగా కుదిరే లెక్క. ఆ కాగితం మీద లేనిది, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచే రైతు. పాము కాటు, తడి చేతితో స్టార్టర్ ముట్టుకుంటే కొట్టే షాక్ ఆ లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు గడియారం తిరగబడుతోంది. సోలార్ ప్లాంట్లు పెరిగేకొద్దీ కరెంటు మధ్యాహ్నం పుష్కలంగా, సూర్యుడు దిగాక కొరతగా ఉంటోంది. అందుకే 2023లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, సోలార్ గంటల్లో రేటు మామూలు కంటే 10 నుంచి 20 శాతం తక్కువ ఉండాలని, పీక్ గంటల్లో ఎక్కువ ఉండాలని చెప్పింది. ముందుగా వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు ఈ పద్ధతి వచ్చింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ లైన్‌తో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది కాబట్టి, ఒకచోట మిగిలింది ఇంకోచోటికి పంపే వీలు కూడా పెరిగింది. పంపులను పగటికి మార్చడం ఇప్పుడు యంత్రానికీ మేలు, రైతుకూ మేలు. ఇలా రెండూ కలిసే సందర్భాలు ఈ చరిత్రలో ఎక్కువ లేవు. వదులుకోకూడదు.

ఇన్సల్ నేర్పిన పాఠం ఇప్పటికీ నిలిచే ఉంది. కరెంటు ధర ఎంత వాడామన్న దానితో పాటు ఎప్పుడు వాడామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. యంత్రం ఖాళీ గంటలు నింపాల్సిందే. కానీ వాటిని నింపేది ఎప్పుడూ ఎవరో ఒక మనిషి పని గంటలతోనే. టారిఫ్ మీద విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టినప్పుడు మనం అడగాల్సింది యూనిట్ రేటు ఒక్కటే కాదు. ఏ గంటకు ఏ రేటు, ఆ గంటలో పని చేయాల్సింది ఎవరు అని కూడా అడగాలి.